రేటు 7.70 అని చూపించారు, ఆగస్టు వడ్డీ మాత్రం 8.20 లెక్కనే పట్టారు

2025లో ఆర్‌బీఐ రెపో రేటు, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే రేటు, నాలుగుసార్లు తగ్గించింది. ఫిబ్రవరి 7న 6.50 నుంచి 6.25కి, ఏప్రిల్ 9న 6.00కి, జూన్ 6న ఒకేసారి అర శాతం తగ్గించి 5.50కి, డిసెంబర్ 5న 5.25కి తెచ్చింది. మాకు బెంగళూరులో, కేఆర్ పురం దగ్గర ఫ్లాట్ మీద రెపోకి లింకైన హోమ్ లోన్ ఉంది. ఈ తగ్గింపులన్నీ మా ఖాతాలో సరిగ్గా పడ్డాయా లేదా అని కూర్చుని స్టేట్‌మెంట్ లైన్ లైన్ చూశాను. ఒక తేడా దొరికింది, బ్యాంకు దాన్ని సరిచేసింది కూడా. ఎలా చూశానో రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని ఒక గంటలో చూసుకోగలిగిన పని. బ్యాంకు పేరు ఇక్కడ చెప్పడం లేదు. అంకెల్ని కూడా లెక్క సులువుగా అర్థం కావాలని కొంచెం గుండ్రంగా చేశాను.

జూలైలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మాకు రేటు తగ్గింది, మీకు తగ్గిందా" అని మొదలైంది. మా ఫ్లోర్‌లో ఉండే అక్కకి జూలై 1 నుంచే తగ్గింది, మాకు తగ్గలేదు. మా ఆయన వెంటనే బ్యాంకుకి మెయిల్ పెడతానన్నారు. ముందు అగ్రిమెంట్ చూద్దాం ఆగమన్నాను. ఎందుకంటే రెపో తగ్గిన రోజే మన రేటు తగ్గదు. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కి లింకై ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చెయ్యాలి, అంటే దాని ప్రకారం మన రేటు మార్చాలి అనేది ఆర్‌బీఐ రూలు. ఆ మూడు నెలలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి అనేది మాత్రం మన అగ్రిమెంట్‌లో ఉంటుంది. కొన్ని బ్యాంకులు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తారీఖున అందరికీ కలిపి మారుస్తాయి, అక్కావాళ్ళది అలాంటిదే. మా అగ్రిమెంట్‌లో మాత్రం "మొదటి డిస్బర్స్‌మెంట్ తేదీ నుంచి ప్రతి మూడు నెలలకు, ఆ రోజున అమల్లో ఉన్న రెపో రేటు ప్రకారం" అని ఉంది. మాకు డబ్బు విడుదలైంది 2023 నవంబర్ 15న. అంటే మా రీసెట్ తేదీలు ఫిబ్రవరి 15, మే 15, ఆగస్టు 15, నవంబర్ 15. జూన్ 6న తగ్గిన రెపో మాకు ఆగస్టు 15 దాకా రాదు. జూలైలో తగ్గకపోవడం బ్యాంకు తప్పు కాదు, మెయిల్ పెట్టి ఉంటే అదే జవాబు వచ్చేది.

ఇక మా శాంక్షన్ లెటర్‌లో రేటు ఇలా ఉంది: రెపో 6.50, దాని మీద బ్యాంకు కలుపుకునే స్ప్రెడ్ 2.20, మొత్తం 8.70. ఈ 2.20ని గుర్తుపెట్టుకోవాలి, మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది. దాని ప్రకారం మాకు ఉండాల్సిన రేట్లు ఇవి: 2025 ఫిబ్రవరి 15 నుంచి 8.45, మే 15 నుంచి 8.20, ఆగస్టు 15 నుంచి 7.70. కాగితం మీద తేదీ, ఆ రోజు రెపో, దానికి 2.20 కలిపితే వచ్చే రేటు, మూడు గళ్ళు గీసుకున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరవక ముందే ఈ పట్టిక రాసుకుంటే మంచిది. లేకపోతే స్టేట్‌మెంట్‌లో ఏ అంకె కనిపిస్తే అదే సరైనదని అనిపించేస్తుంది.

ఆగస్టు చివర్లో మెసేజ్ వచ్చింది, మీ వడ్డీ రేటు 7.70కి మారింది అని. ఏ తారీఖు నుంచి అనేది అందులో లేదు. సెప్టెంబర్ మొదట్లో నెట్ బ్యాంకింగ్‌లో చూస్తే లోన్ పేజీలో కూడా 7.70 అనే ఉంది. ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. కానీ ఆ పేజీలో పైన కనిపించేది మనం చూసిన రోజు రేటు మాత్రమే. గడిచిన నెలలో ఏ రోజు నుంచి ఏ రేటు వేశారో అది చెప్పదు. దాన్ని తెలుసుకోవాలంటే వడ్డీ కింద నిజంగా ఎంత పట్టారో ఆ రూపాయల నుంచి వెనక్కి లెక్కెయ్యాలి.

దీనికి కావాల్సింది లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్, అంటే ఏ తేదీన ఎంత డెబిట్, ఎంత క్రెడిట్, బాకీ ఎంత అని చూపించేది. రీపేమెంట్ షెడ్యూల్ దీనికి పనికిరాదు, అది ఇకముందు ఎలా కట్టాలో చూపించే అంచనా. ఇన్‌కమ్ టాక్స్ కోసం ఇచ్చే ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ కూడా పనికిరాదు, అందులో ఏడాది మొత్తం ఒక్క అంకెగా ఉంటుంది. స్టేట్‌మెంట్‌ని ఎక్సెల్‌లో దించుకునే ఆప్షన్ ఉంటే అదే తీసుకోండి, పీడీఎఫ్ నుంచి అంకెలు ఎక్కించుకోవడం విసుగు.

ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. బ్యాంకు వడ్డీని రోజుల లెక్కన వేస్తోందా, లేక ఏడాది రేటుని 12తో భాగించి నెల లెక్కన వేస్తోందా అని. ఇది తెలియకుండా రీసెట్ అయిన నెలని పరీక్షిస్తే లేని తేడా కనిపిస్తుంది, ఉన్న తేడా దాక్కుంటుంది. అందుకని రేటు మారని నెల ఒకటి తీసుకుని ముందు దాన్ని సరిచూసుకోవాలి. నేను జూలై తీసుకున్నాను. మా ఈఎంఐ 39,624 రూపాయలు, ఒకటో తారీఖునే కట్ అవుతుంది కాబట్టి నెలంతా ఒకే బాకీ ఉంటుంది. జూలై 1న ఈఎంఐ పోయాక బాకీ 43,40,000. 8.20 చొప్పున 31 రోజులకి, 365 రోజుల ఏడాది లెక్కన 30,225 వస్తుంది. అదే 12తో భాగిస్తే 29,657 వస్తుంది. స్టేట్‌మెంట్‌లో జూలై 31న పడ్డ వడ్డీ 30,225. అంటే మా బ్యాంకుది రోజుల లెక్క. ఒకట్రెండు రూపాయల తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు, పైసల రౌండింగ్ అది. మీ ఈఎంఐ అయిదో పదో తారీఖున పోతుంటే నెలని రెండు ముక్కలు చెయ్యాలి, ఈఎంఐకి ముందు బాకీకి కొన్ని రోజులు, తర్వాత బాకీకి మిగతా రోజులు. మధ్యలో విడిగా అసలు కట్టినా అంతే.

జూలైలో అంకె రూపాయితో సహా కలిసింది కాబట్టి ఇక పద్ధతి మీద అనుమానం లేదు. ఎక్సెల్‌లో B గడిలో బాకీ, C గడిలో పట్టిన వడ్డీ, D గడిలో రోజులు పెట్టి ఈ ఫార్ములా వేస్తే, ఆ నెలకి బ్యాంకు నిజంగా వేసిన రేటు బయటపడుతుంది:

```
=ROUND(C2*365*100/(B2*D2),2)
```

ఇప్పుడు ఆగస్టు. ఒకటో తారీఖున ఈఎంఐ పోయాక బాకీ 43,30,600. ఆ నెలలో మొదటి 14 రోజులు 8.20, పదిహేనో తారీఖు నుంచి 17 రోజులు 7.70 ఉండాలి. దాని లెక్క ఇలా:

```
=ROUND(B3*(14*8.20+17*7.70)/36500,0)
```

ఇది 29,151 ఇచ్చింది. స్టేట్‌మెంట్‌లో ఆగస్టు 31న పట్టిన వడ్డీ 30,160. పై ఫార్ములాతో వెనక్కి లెక్కేస్తే సరిగ్గా 8.20 వచ్చింది. అంటే నెలంతా పాత రేటే. నెల మధ్యలో రీసెట్ జరిగి ఉంటే ఈ వెనక్కి లెక్కేసిన రేటు రెండింటి మధ్యలో, మా విషయంలో 7.93 దగ్గర పడాలి. ఇది నాకు చాలా ఉపయోగపడిన గుర్తు. రీసెట్ నెలలో అచ్చంగా పాత రేటే వచ్చిందంటే ఆ నెలలో రీసెట్ పడనే లేదు. మధ్యలో పడితే, ఆ అంకెని బట్టి ఎన్ని రోజులు పాత రేటు వేశారో కూడా చెప్పొచ్చు.

తర్వాత సెప్టెంబర్ వడ్డీ పడ్డాక అది కూడా చూశాను, సరిగ్గా 7.70 వచ్చింది. అంటే కొత్త రేటు సెప్టెంబర్ 1 నుంచి అమలైంది, ఆగస్టు 15 నుంచి కాదు. తేడా 1,009 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ ఇది ఒక్కసారి జరిగిన పొరపాటా, ప్రతిసారీ ఇలాగే జరుగుతోందా అనేది అసలు ప్రశ్న. లోన్ ఇంకా పదిహేనేళ్ళ పైన ఉంది. అందుకని ఫిబ్రవరి, మే నెలలు కూడా అదే ఫార్ములాలో పెట్టాను. ఫిబ్రవరి అంతా 8.70, మార్చి నుంచి 8.45. మే అంతా 8.45, జూన్ నుంచి 8.20. ప్రతిసారీ పదిహేనో తారీఖు రావాల్సింది వచ్చే నెల ఒకటికి వచ్చింది. ఫిబ్రవరిలో 14 రోజులకి 420, మేలో 17 రోజులకి 507, ఆగస్టులో 1,009, అన్నీ కలిపి 1,936.

మార్చి 1, జూన్ 1, సెప్టెంబర్ 1. ఈ మూడు తేదీలు పక్కపక్కన రాసి చూస్తే కారణం కూడా తట్టింది. మా మొదటి ఈఎంఐ 2023 డిసెంబర్ 1న పోయింది. అక్కడి నుంచి మూడేసి నెలలు లెక్కపెడితే సరిగ్గా ఇవే తేదీలు వస్తాయి. ఖాతా తెరిచినప్పుడు రీసెట్ తేదీ అనే గడిలో డబ్బు విడుదలైన తేదీకి బదులు ఈఎంఐ మొదలైన తేదీని బట్టి ఎక్కించి ఉంటారని అనుకున్నాను. వెళ్ళి అడిగేటప్పుడు ఇలాంటి ఒక కారణం చేతిలో ఉంటే చాలా తేడా ఉంటుంది. "నా వడ్డీ ఎక్కువ పట్టారు" అంటే ఎవరైనా సిస్టమ్ లెక్కేస్తుంది మేడమ్ అంటారు. "నా ఖాతాలో నెక్స్ట్ రీసెట్ డేట్ ఏముందో చూడండి" అంటే స్క్రీన్ తెరిచి చూడక తప్పదు.

బ్రాంచిలో లోన్లు చూసే ఆఫీసర్‌ది కర్నూలు, తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఆయన మొదట లోన్ పేజీ తెరిచి "7.70కి మార్చేశాం కదా మేడమ్, రెపో తగ్గిందంతా మీకు వచ్చేసింది" అన్నారు. రేటు సరిగ్గానే ఉంది సార్, ఏ రోజు నుంచి అనేదే నా ప్రశ్న అని అగ్రిమెంట్‌లో ఆ పేరా, పక్కన ఆగస్టు లెక్క పెట్టాను. ఆయన కాసేపు తన కాలిక్యులేటర్‌లో వేసి చూసుకుని, తర్వాత ఖాతా వివరాల్లోకి వెళ్ళి "ఇక్కడ రీసెట్ డిసెంబర్ 1 అని ఉందండీ" అన్నారు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు కూడా. తన చేతిలో మార్చే వీలు లేదని, లోన్ ప్రాసెసింగ్ సెంటర్‌కి పంపాలని, రాతపూర్వకంగా ఇస్తే పంపుతానని చెప్పారు.

రాసిచ్చింది ఒక్క పేజీ. అందులో అగ్రిమెంట్‌లోని ఆ వాక్యం, క్లాజ్ నంబర్, డిస్బర్స్‌మెంట్ తేదీ, మూడు నెలల పట్టిక. పట్టికలో బాకీ, రోజులు, ఉండాల్సిన వడ్డీ, పట్టిన వడ్డీ, తేడా మాత్రమే. కింద రెండే కోరికలు: ఎక్కువ పట్టిన వడ్డీని ఆయా తేదీల వాల్యూ డేట్‌తో, అంటే ఆ రోజే వేసినట్టు లెక్కలోకి వచ్చేలా తిరిగి వెయ్యాలి, రీసెట్ తేదీని సరిచేసి రాతపూర్వకంగా చెప్పాలి. వాల్యూ డేట్ అని ప్రత్యేకంగా అడగాలి. ఫిబ్రవరిలో ఎక్కువ పట్టిన 420 బాకీలో కలిసి, దాని మీద ప్రతి నెలా మళ్ళీ వడ్డీ పడుతూ వచ్చింది. ఇవాళ్టి తేదీతో ఉత్తి 420 వేస్తే ఆ మధ్య వడ్డీ పోతుంది. మా విషయంలో అది చిల్లరే, కానీ రెండు మూడేళ్ళు నడిచిన తేడా అయితే చిల్లర కాదు. కంప్లయింట్ నంబర్ కూడా తీసుకున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు, దానికి ముందు బ్యాంకుకి రాసినట్టు ఆధారం ఉండాలి. మాకు అంతదూరం వెళ్ళే అవసరం రాలేదు. మొదట "రీసెట్ సిస్టమ్ ప్రకారం జరిగింది" అని ఒక రెడీమేడ్ మెయిల్ వచ్చింది. దానికి అదే క్లాజ్ మళ్ళీ అతికించి పంపాక పని కదిలింది. నవంబర్‌లో స్టేట్‌మెంట్‌లో మూడు క్రెడిట్లు పడ్డాయి, మూడింటికీ పాత వాల్యూ డేట్లే ఉన్నాయి. రీసెట్ తేదీ పదిహేనుకి మార్చామని లెటర్ కూడా వచ్చింది.

ఇంకో విషయం కూడా చూడాలి, ఈఎంఐ తగ్గిందా, గడువు తగ్గిందా అని. రేటు మారినప్పుడు ఈ రెండింట్లో ఏది కావాలో ఎంచుకునే అవకాశం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో చెప్పింది. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో మిగిలిన ఈఎంఐల సంఖ్య కూడా ఉండాలి. మేం ఈఎంఐ అలాగే ఉంచమన్నాం. బాకీ 43.2 లక్షల దగ్గర 8.20 అయితే 201 వాయిదాలు మిగులుతాయి, 7.70 అయితే 189. ఎక్సెల్‌లో NPER ఫార్ములా వేస్తే వస్తుంది. మా స్టేట్‌మెంట్‌లో 189 ఉంది, సరిపోయింది. ఈఎంఐ మారకుండా, వాయిదాల సంఖ్య కూడా తగ్గకుండా ఉంటే మాత్రం ఎక్కడో ఏదో ఆగిపోయినట్టే, వెంటనే అడగాలి.

నేను ఇదంతా ఆఫీసులో చెబితే మా టీమ్‌లో ఉండే నెల్లూరు అబ్బాయి తనది కూడా చూడక్కా అని తెచ్చాడు. అతనిది వేరే రకం తేడా. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ శాంక్షన్‌లో 6.50 ప్లస్ 2.10, మొత్తం 8.60 ఉన్నది, రెపో 5.50కి వచ్చాక 7.60 కావాల్సింది 7.85 దగ్గర ఆగింది. రేటులోంచి రెపో తీసేస్తే స్ప్రెడ్ 2.35 అయింది. బెంచ్‌మార్క్ తగ్గినా స్ప్రెడ్ పెంచేసి తగ్గింపుని మింగేస్తే అది తప్పే. మన క్రెడిట్ పరిస్థితి బాగా మారితే తప్ప రిస్క్ ప్రీమియం పెంచకూడదు, స్ప్రెడ్‌లోని మిగతా ఖర్చుల భాగాన్ని మూడేళ్ళకోసారి తప్ప పెంచకూడదు. ఆ ఖర్చుల భాగాన్ని మూడేళ్ళలోపే తగ్గించడానికి మాత్రం 2025 అక్టోబర్ నుంచి బ్యాంకులకి వీలిచ్చారు. కానీ అతని శాంక్షన్ లెటర్ మొత్తం చదివితే సంగతి తెలిసింది. ఆ 2.10లో శాలరీ అకౌంట్ ఉన్నందుకు పావు శాతం రాయితీ ఉంది, జీతం ఆ బ్యాంకులో పడుతున్నంత కాలమే అని స్పష్టంగా రాశారు. మా కంపెనీ మధ్యలో జీతాల బ్యాంకు మార్చింది. కాబట్టి అతనికి బ్యాంకు మీద ఫిర్యాదు చెయ్యడానికేమీ లేదు, జీతాన్ని మళ్ళీ అక్కడికి మార్పించుకుంటే రాయితీ తిరిగి ఇస్తారా అని అడగడమే దారి. స్ప్రెడ్ పెరిగినట్టు కనిపిస్తే గొడవకి వెళ్ళే ముందు ఇలాంటి షరతు ఏమైనా ఉందేమో లెటర్‌లో వెతకండి.

ఈ లెక్క అందరికీ ఇలాగే నడవదని కూడా చెప్పాలి. 2019 అక్టోబర్‌కి ముందు తీసుకుని మార్పించుకోని లోన్లు బ్యాంకు తనే లెక్కేసుకునే ఎంసీఎల్ఆర్‌కో పాత బేస్ రేటుకో లింకై ఉండొచ్చు. ఎంసీఎల్ఆర్ లోన్లకి రీసెట్ ఆరు నెలలకో ఏడాదికో ఉంటుంది, ఈ రెండు రకాల్నీ రెపోతో నేరుగా పోల్చలేం. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకుంటే బయటి బెంచ్‌మార్క్ రూలు వాటికి వర్తించదు, వాళ్ళ సొంత ప్రైమ్ లెండింగ్ రేటుని బట్టి మారుతుంది. అలాంటప్పుడు ఉండాల్సిన రేటుని మనం రెపో నుంచి తేల్చలేం. కానీ పట్టిన వడ్డీ నుంచి వెనక్కి లెక్కేసే ఫార్ములా మాత్రం పనిచేస్తుంది, కనీసం వాళ్ళు చెప్పిన రేటే, చెప్పిన తారీఖు నుంచే వేశారా అనేది తెలుస్తుంది.

నవంబర్ 15న రెపో 5.50 అలాగే ఉంది కాబట్టి మాకు మార్పు లేదు, నవంబర్ వడ్డీ నెలంతా 7.70 వచ్చింది, సరిపోయింది. డిసెంబర్ 5 తగ్గింపు మాకు వచ్చేది 2026 ఫిబ్రవరి 15 రీసెట్‌లో. అప్పటికి రెపో 5.25 దగ్గరే ఉంటే రేటు 7.45 అవుతుంది. ఫిబ్రవరిలో 14 రోజులు పాత రేటు, 14 రోజులు కొత్తది, కాబట్టి వెనక్కి లెక్కేసినప్పుడు 7.57 లేదా 7.58 రావాలి. 7.70 వస్తే రీసెట్ తేదీ మళ్ళీ ఒకటికి వెళ్ళిపోయినట్టు. ఆ వరుస షీట్‌లో ఇప్పటికే వేసి పెట్టాను.